నగదు జీతమా, నాలుగేళ్ళ ఆర్ఎస్‌యూలా: ఏది మేలు?

మా మేనల్లుడికి హైదరాబాద్‌లో ఒకే వారంలో రెండు ఆఫర్లు వచ్చాయి. మొదటిది ఏడాదికి 40 లక్షలు, అంతా నగదే. రెండోది 30 లక్షల నగదు, దానికి తోడు 80,000 డాలర్ల ఆర్ఎస్‌యూలు, అంటే ఉద్యోగంలో కొనసాగితే కంపెనీ ఇచ్చే షేర్లు. అవి నాలుగేళ్ళలో విడతలుగా చేతికొస్తాయి. ఆ కంపెనీ అమెరికా స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయినదే. "మామయ్యా, రెండోది 98 లక్షల ప్యాకేజీ అంటున్నారు. ఇంకా ఆలోచించేదేముంది?" అన్నాడు.

ఆ 98 ఎలా వచ్చిందో ముందు చూశాం. లెక్క తేలిగ్గా ఉండటానికి డాలర్‌ను 85 రూపాయలు అనుకుందాం. 80,000 డాలర్లంటే 68 లక్షలు. నాలుగేళ్ళలో వచ్చే ఆ మొత్తాన్ని మొదటి ఏడాది నగదుకు కలిపి 98 అన్నారు. నాలుగుతో భాగిస్తే ఏడాదికి 17 లక్షలు, అంటే అసలు ప్యాకేజీ 47. మొదటి ఆఫర్‌ కన్నా ఇంకా 7 లక్షలు ఎక్కువే. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నేను ఆగనివ్వలేదు, ఎందుకంటే ఆఫర్ లెటర్ రెండో పేజీలో, ఏ ఏడాది ఎంత వాటా వెస్ట్ అవుతుందో, అంటే మన సొంతమవుతుందో చెప్పే వెస్టింగ్ షెడ్యూల్ ఉంది: 5-15-40-40.

అంటే మొదటి ఏడాది చివర 5 శాతం, రెండో ఏడాది చివర 15 శాతం, ఆ తర్వాత ఆర్నెల్లకోసారి 20 శాతం చొప్పున. అమెజాన్ వల్ల ఈ పద్ధతి మనవాళ్ళకు బాగా తెలుసు. అక్కడ మొదటి రెండేళ్ళ లోటును నగదు బోనస్‌తో పూడుస్తారు. మావాడి ఆఫర్‌లో ఆ బోనస్ లేదు. షేర్ ధర 200 డాలర్లు కాబట్టి మొత్తం 400 యూనిట్లు. మొదటి ఏడాది వచ్చేవి 20 మాత్రమే, విలువ 3 లక్షల 40 వేలు. రెండో ఏడాది 60 యూనిట్లు, 10 లక్షల 20 వేలు. మిగతా 320 చివరి రెండేళ్ళలోనే.

ఇప్పుడు అడగాల్సింది ధర గురించి కాదు, నువ్వు ఎన్నాళ్ళు ఉంటావని. ఏడాదికే మానేస్తే రెండో ఆఫర్ విలువ 33.4 లక్షలే. రెండేళ్ళుంటే ఆర్ఎస్‌యూల వాటా ఏడాదికి సగటున 6.8 లక్షలు పడుతుంది, అంటే 36.8. మూడేళ్ళుంటే 43.6. నాలుగేళ్ళూ ఉంటేనే ఆ 47. రెండు ఆఫర్లూ సమానమయ్యేది రెండున్నరేళ్ళ దగ్గర, 20 శాతం చొప్పున వచ్చే వాటిలో మొదటిదైన 80 యూనిట్ల విడత పడిన రోజున. దానికి నెల ముందు రాజీనామా చేస్తే మొదటి ఆఫర్ కంటే దాదాపు 10 లక్షల 60 వేలు వెనకబడి ఉంటాడు. అదే షెడ్యూల్ 25-25-25-25 అయి, మొదటి ఏడాది తర్వాత మూణ్ణెల్లకోసారి పడేటట్టుంటే, ఏడాది గడిచాక ఎప్పుడు మానేసినా చేసిన కాలానికి తగ్గ వాటా దాదాపుగా వచ్చేసి ఉంటుంది. ఒకే 80,000 డాలర్లు, ఒకే షేరు, కానీ విలువలు వేరు. సగటు ఉద్యోగి ఎన్నాళ్ళుంటాడన్నది ఇక్కడ పనికిరాదు, మనం ఇదివరకు ఎక్కడ ఎన్నాళ్ళున్నామో అదే చూసుకోవాలి. మావాడు గత రెండు ఉద్యోగాల్లో రెండేళ్ళు దాటలేదు.

ఇక ధర సంగతి. రెండో కంపెనీవాళ్ళు పంపిన షీటులో షేరు ఏటా 15 శాతం పెరుగుతుందని వేసి, నాలుగో ఏడాది అంకెను చాలా పెద్దగా చూపించారు. ఆ పెరుగుదలను నేను లెక్కలోకి తీసుకోను. భవిష్యత్తు మీద మార్కెట్‌కు ఉన్న ఆశ అంతా ఈరోజు ధరలోనే ఉంటుంది. పెరుగుతుందని అంత నమ్మకముంటే నగదు ఆఫర్ తీసుకుని, మిగిలిన డబ్బుతో అదే షేరు మనమే కొనుక్కోవచ్చు. అదే కారణంతో, నాలుగో ఏడాదిలో వస్తుంది కదా అని కాలానికి తరుగు వేయడం కూడా తప్పే. నాలుగేళ్ళ తర్వాత రాబోయేది ఒక షేరు, ఆ షేరు విలువ ఈరోజు ధరే.

అయినా నేను ఈరోజు ధరలో 20 శాతం తగ్గించి లెక్కేస్తాను. అది నా సొంత కొలత. జీతం, షేర్లు రెండూ ఒకే కంపెనీ మీద ఆధారపడితే, కంపెనీ దెబ్బతిన్నప్పుడు ఉద్యోగమూ షేరు ధరా కలిసే పోవచ్చు. 2022లో మెటా షేరు దాదాపు 64 శాతం పడింది, మళ్ళీ 2023లో దాదాపు మూడింతలైంది. పడిన ఏడాదిలో వెస్ట్ అయినవాళ్ళకు ఆ తర్వాతి కథతో సంబంధం లేకుండానే టాక్స్ పడింది. మావాడి లెక్కలో నాలుగేళ్ళ ధర సగటున 40 శాతం తక్కువగా ఉంటే 17 లక్షలు 10.2 అవుతాయి, మొదటి ఆఫర్‌తో సమానం. నాలుగేళ్ళూ కదలకుండా ఉంటేనే ఆ సమానత కూడా. ఒక ఊరట ఉంది: షేరు బాగా పడితే వేరే ఉద్యోగం చూసుకోవచ్చు, పెరిగితే ఉండిపోవచ్చు. అందుకే నా తగ్గింపు 20 దగ్గర ఆగుతుంది, 40 దాకా పోదు. కంపెనీ లిస్ట్ కాకపోతే మాత్రం, ఐపీఓ వచ్చేదాకా చేతికి రాని యూనిట్లను నేను సున్నాగానే రాసుకుంటాను.

టాక్స్ విషయంలో నగదుకూ ఆర్ఎస్‌యూకూ తేడా తక్కువే. వెస్ట్ అయిన రోజు ధర జీతంగానే లెక్కకొస్తుంది. 30 శాతం శ్లాబు, 4 శాతం సెస్ కలిపి 31.2 శాతం. అందుకే 80 యూనిట్ల విడతలో దాదాపు 25 టాక్స్‌కే పోయి 55 ఖాతాలో పడతాయి. కానీ 5-15-40-40లో ఒక చిక్కుంది. మూడు, నాలుగో ఏళ్ళలో ఆదాయం 57 లక్షలు దాటుతుంది. 50 లక్షలు దాటితే టాక్స్ మీద 10 శాతం సర్‌చార్జి. కొత్త విధానంలో 2025-26 శ్లాబుల ప్రకారం అది ఏడాదికి లక్షా ముప్పై వేల దాకా అవుతుంది. ఏటా సమానంగా వచ్చి ఉంటే 47 దగ్గరే ఉండేది, ఈ సర్‌చార్జే పడేది కాదు.

వెస్ట్ అయ్యాక అమ్మకుండా ఉంచుకోవడం వేరే నిర్ణయం, దాన్ని జీతంలో కలపకూడదు. నేను ఒకసారి కలిపాను. 180 డాలర్ల దగ్గర వెస్ట్ అయినవాటిని పెరుగుతాయని ఉంచుకుని 110కి అమ్మాను. టాక్స్ 180 మీదే కట్టాను. ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేయడానికి వీల్లేదు, వేరే మూలధన లాభాలుంటేనే సర్దుకోవచ్చు. అవి నాకు లేవు. అప్పటినుంచి వెస్ట్ అయిన వారంలోనే అమ్మేస్తున్నాను. ఉంచుకున్నవాటిని రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి, అదొక అదనపు పని.

మావాడికి నా తీర్పు ఇది. షెడ్యూల్ 25 చొప్పున ఉంటే 17 లక్షలను 13.6గా రాసుకుని 43.6 అనుకో, రెండోదే మేలు. 5-15-40-40 అలాగే ఉండి బోనస్ లేకపోతే, మూడేళ్ళు ఉంటానని నీకు నువ్వు గట్టిగా చెప్పుకోలేనంత వరకు మొదటిదే మేలు.

వాడు రెండో కంపెనీకి మెయిల్ పెట్టాడు. షెడ్యూల్ మార్చడం కుదరదన్నారు. మొదటి ఏడాదికి 6 లక్షల జాయినింగ్ బోనస్ ఇస్తామన్నారు, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. దాంతో మొదటి రెండేళ్ళ లోటు దాదాపు పూడింది. 80,000 డాలర్లను యూనిట్లుగా మార్చేది ఏ తేదీ ధరతో అని కూడా అడగమన్నాను. చేరిన తర్వాతి నెల సగటు ధరతోనట, ఈలోగా షేరు పెరిగితే యూనిట్లు 400 కంటే తగ్గుతాయి. అది రాసుకుని రెండోదానికే సంతకం పెట్టాడు. ఫ్లాట్ ఈఎంఐ మాత్రం 30 లక్షల జీతం మీదే లెక్కేసుకున్నాడు.