పాత రికార్డుల్లో తాతముత్తాతలు: ఇంటిపేరు పట్టుకుని వెతకడం మేలా, సర్వే నెంబరు పట్టుకునా?

వంశవృక్షం గీసుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "మా తాత దాకా దొరికింది, ఆపైన మా ఇంటిపేరుతో ఎవరూ కనిపించడం లేదు, ఏం చేయాలి?" చాలాసార్లు ఆ మనిషి రికార్డులోనే ఉంటాడు. ఇంటిపేరు మాత్రం వేరే అక్షరాలతో ఉంటుంది. అప్పుడు ముందు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పేర్ల ఇండెక్సు తిరగేయడం. రెండోది, పేరు పక్కనపెట్టి పొలం నెంబరు పట్టుకుని వెనక్కి పోవడం. నేను రెండో దాని పక్షమే. అయితే మొదటిది పనికొచ్చే చోట్లూ ఉన్నాయి. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా పాత మద్రాసు ప్రెసిడెన్సీలో రైతువారీ పద్ధతి ఉన్న ఆంధ్ర జిల్లాల సంగతి. తెలంగాణ లెక్క వేరు, దాని గురించి చివర్లో చెబుతాను.

రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఎక్కుతాయి. దానికి రెండు ఇండెక్సులు ఉంటాయి. ఒకటో ఇండెక్సు రాసిచ్చినవాళ్ల, రాయించుకున్నవాళ్ల పేర్లతో, రెండోది ఊరు, ఆస్తి వివరాలతో. చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టిన ఎవరైనా వీటిని చూడొచ్చు, ఒకటో పుస్తకంలోని దస్తావేజుకు నకలు తీసుకోవచ్చు. ఆస్తితో మీకు సంబంధం ఉందని నిరూపించుకోవాల్సిన పని లేదు. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది కాబట్టి అంతకు ముందువాటికి ఆఫీసుకు వెళ్లక తప్పదు. ఆఫీసులు విడిపోయిన చోట పాత వాల్యూములు మాతృ ఆఫీసులో ఉన్నాయేమో కనుక్కుని మరీ వెళ్లండి.

పేర్ల ఇండెక్సు గొప్పతనం వేగం. మనిషి ఎక్కడెక్కడ కొన్నాడో, అమ్మాడో, తాకట్టు పెట్టాడో ఒకే చోట తెలుస్తుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఇండెక్సు అకారాది క్రమంలో ఉంటుంది, అంటే మొదటి అక్షరం తప్పితే మొత్తం తప్పినట్టే. లేఖరి చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేవాడు. చ ఉన్నచోట స, వ ఉన్నచోట ఓ, శ ఉన్నచోట స పడుతుంది. ఇంగ్లీషులోకి వెళ్లాక ఇంకో చిక్కు. చిట్టూరి వారూ చిత్తూరి వారూ వేరు వేరు కుటుంబాలే కావచ్చు, స్క్రీన్ మీద మాత్రం ఇద్దరూ Chitturi. దాన్ని మళ్లీ తెలుగులోకి ఎక్కించినవాడికి ట వేయాలో త వేయాలో తెలిసే దారి లేదు. ఒక్క అక్షరం తేడాతో ఉన్న ఇంటిపేర్లను కలిపేసేదీ, ఒకే ఇంటిపేరును రెండు చేసేదీ ఇదే.

నెంబరు మేలని నేను అనడానికి కారణం నెంబరు మారదని కాదు. అదీ మారుతుంది. ఆధునిక సర్వేకి ముందు పైమాషీ నెంబర్లు ఉండేవి, తర్వాత సర్వే నెంబర్లు వచ్చాయి, పంపకాలతో 112 కాస్తా 112/3, 112/3బి అయ్యింది, ఇప్పుడు రీసర్వే అయిన ఊళ్లలో ఎల్‌పీఎం నెంబర్లు వచ్చాయి. కానీ నెంబరు మార్చినప్పుడల్లా పాతది ఇది, కొత్తది ఇది అని ఆఫీసే ఒక పట్టిక రాసుకుంటుంది. అది లేకపోతే శిస్తు వసూలయ్యేది కాదు. ఇంటిపేరులో త కాస్తా ట అయినప్పుడు ఎవరూ ఏ పట్టికా రాయరు.

మా అమ్మమ్మ పుట్టింటి వైపు లెక్క ఇలాగే తేలింది. డెల్టాలో ఊరు. ఇప్పటివాళ్లు చిట్టూరి అని రాసుకుంటారు. పేర్ల ఇండెక్సులో ఆ పేరుతో 1962 నాటి పారీఖత్తు, అంటే అన్నదమ్ముల పంపకాల దస్తావేజు, తగల్లేదు, ఎందుకంటే అందులో చిత్తూరి అని ఉంది. ఇప్పటి పట్టాదారు రికార్డు 1-బిలో ఉన్న నెంబరు 112/3బి. రెండో ఇండెక్సులో 112 కింద చూస్తే పారీఖత్తు వెంటనే కనిపించింది. నకలు తీసుకుని చదివితే, ఈ భూమి తమ తండ్రిగారు 1931లో ఫలానా నెంబరు దస్తావేజుతో కొన్నారని అన్నదమ్ములు రాసుకున్నారు. పాత దస్తావేజుల్లో ఆస్తి ఎలా సంక్రమించిందో చెప్పే ఈ నాలుగు వాక్యాలే మనకు బంగారం. 1931 దస్తావేజులో ఇంటిపేరు సిట్టూరి. చ కింద ఎన్నాళ్లు వెతికినా అది దొరికేది కాదు. మనిషి అతనే అని ఎలా తెలిసిందంటే, తండ్రి పేరు, ఊరు, కులం, వృత్తి నాలుగూ పారీఖత్తుతో కలిశాయి.

ఇక్కడ సర్వే నెంబరు దారి మోసం చేసే చోటు ఒకటి ఉంది. 112 నెంబరుకి ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, తీస్తే పట్టాదారుగా ఒక పేరు వచ్చింది. అది 1931 కంటే పాతది. చాలామంది ఆ పేరును సంబరంగా వంశవృక్షంలో ఎక్కించేస్తారు. కానీ భూమి 1931లో కొన్నది, కాబట్టి ఆ పట్టాదారు అమ్మినవాళ్ల తాత అవుతాడు గానీ మనవాళ్ల తాత కాడు. కొనుగోలు తగిలిన చోట ఆ నెంబరును వదిలేయాలి.

వదిలేసి ఎక్కడికి పోవాలి? చెక్కుబందీకి, అంటే నాలుగు దిక్కుల హద్దులు రాసిన చోటికి. ఆ దస్తావేజులో ఉత్తరం హద్దు దగ్గర "కొనుగోలుదారు దాయాది భూమి" అని ఉంది. అప్పట్లో సొంత పొలానికి ఆనుకున్న చెక్క అమ్మకానికి వస్తే కొనడం మామూలే కాబట్టి, పిత్రార్జితం ఆ పక్కనే ఉండే అవకాశం ఎక్కువ. ఊరి పటం చూసి ఆ దిక్కున ఉన్న 113 నెంబరుకి ఆర్‌ఎస్‌ఆర్ చూస్తే, ఇంగ్లీషు అక్షరాల్లో, ఊరి పేరు లాగా చివర ఇకారం లేకుండా చిట్టూర్ అని ఇంటిపేరు, దాని పక్కన 1931 నాటి మనిషి తండ్రి పేరే కనిపించాయి. అదే పట్టా నెంబరు కింద ఇంకేం నెంబర్లు ఉన్నాయో ఏరుకుంటే ఒక తరం నాటి భూమి మొత్తం తేలింది.

ఇందులో జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. మనవాళ్లలో తాత పేరు మనవడికి పెడతారు. యాభై ఏళ్ల తేడాతో ఒకే పేరు, ఒకే నెంబరు కనిపిస్తే ఇద్దరూ ఒకరే అనుకుని మధ్యలో ఒక తరాన్ని మింగేయడం చాలా తేలిక. ప్రతి కాగితంలోనూ తండ్రి పేరు రాసి పెట్టుకుంటే ఇది చాలాసార్లు పట్టుబడుతుంది. తరతరానా తాత పేరే పెట్టుకుంటూ వచ్చిన ఇంట్లో తండ్రి పేర్లు కూడా కలుస్తాయి కాబట్టి, అక్కడ తేదీలు కూడా సరిచూసుకోవాలి.

నెంబరు దారి పట్టుకోవడానికి ఇంకో బలమైన కారణం ఇల్లరికం. కొడుకులు లేని ఇంట్లో అల్లుణ్ని తెచ్చుకుంటే భూమి అతనికి పోతుంది, ఇంటిపేరు మాత్రం అతనిదే ఉంటుంది. ఇంటిపేరుతో వెతికేవాళ్లకి ఆ వంశం అక్కడితో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. నెంబరుతో వెతికేవాళ్లకి హఠాత్తుగా కొత్త ఇంటిపేరు ఎదురవుతుంది, మధ్యలో అమ్మకం దస్తావేజు ఏదీ ఉండదు. అదే గుర్తు. అయితే తొందరపడి తీర్మానించకూడదు. వంద రూపాయల లోపు అమ్మకాలకు అప్పట్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చిన్న చెక్కలు నోటిమాట మీద చేతులు మారాయి. దస్తావేజు లేదు కాబట్టి ఇల్లరికమే అని రాసుకునే ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడగండి.

మరి ఈ దారి ఎవరికి పనికిరాదు? భూమి లేని కుటుంబాలకు ఎలాగూ లేదు. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలు పెట్టిన చోట (వీటినే చుక్కల భూములు అంటున్నాం) ఆ తరం అక్కడ తెగిపోతుంది. జమీందారీ ఊళ్లలో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే సర్కారు సెటిల్‌మెంటు జరిగింది. అక్కడ సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ కంటే వెనక్కి వెళ్లడం కష్టం. ఇలాంటి చోట పేర్ల ఇండెక్సే నయం, ఊహించగలిగిన అక్షరాలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి ఒక్కొక్కటే చూడాలి. భూమి లేకపోయినా తాకట్లు, ఇళ్ల స్థలాలు అందులో తగులుతాయి.

పూర్వం ఇనాం ఉన్న ఇళ్లవాళ్లు, అర్చకులు, మంగలి, చాకలి, కుమ్మరి వంటి గ్రామ సేవకులు మాత్రం ముందు ఇనాం ఫెయిర్ రిజిస్టరు చూడండి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ విచారణలో తయారైన రిజిస్టరు ఇది. ఇనాం మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ల వయసెంత, మొదటివాడికి ఏమవుతారు అని అందులో గడులున్నాయి. చుట్టరికాన్ని సర్కారే రాసిపెట్టిన రికార్డు ఇంకేముంది? దొరికితే మిగతా రెండూ దీని తర్వాతే.

తెలంగాణవాళ్లు చూడాల్సిన భూమి రికార్డులు 1954-55 ఖాస్రా పహాణీ, అంతకు ముందు సేత్వార్. ఉర్దూలో ఉంటాయి, హ్రస్వాలు సాధారణంగా రాయరు కాబట్టి గుర్రం వారు గరం వారుగా చదవబడొచ్చు. అక్కడ పేరుతో వెతకడం ఇంకా కష్టం, నెంబరే శరణ్యం. కాశీ, గయ పండాల చిట్టాలు ఊరి పేరుతో ఉంటాయి కాబట్టి ఇంటిపేరు తేడా అడ్డురాదు, మీవాళ్లు ఎవరైనా వెళ్లి ఉంటే అడిగి చూడండి. జనన మరణ రిజిస్టర్లలో ఇంటిపేరు మాట అటుంచి, బిడ్డ పేరే చాలాచోట్ల ఉండదు, తేదీ ముందే తెలిస్తే తప్ప వాటి మీద సమయం పెట్టకండి.

దక్షిణాఫ్రికాలోని నాయుడూలకు, అప్పల్సామీలకు భూమి దారి ఉండదు, అయినా లెక్క ఇదే. 1860 నుంచి 1911 దాకా నాటాల్‌కి వెళ్లిన ఒప్పంద కూలీల ఓడ జాబితాల్లో చాలామందికి ఇంటిపేరే లేదు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు, వీటన్నిటికీ ముందు కలోనియల్ నెంబరు. తర్వాతి తరంలో ఆ తండ్రి పేరో, అతని సొంత పేరో ఇంటిపేరుగా స్థిరపడింది. అందుకే ఇంటిపేరుతో ఓడ జాబితా వెతికితే దొరకదు. ముందు డర్బన్ వైపు బంధువుల దగ్గర పెళ్లి కాగితమో మరణ ధ్రువీకరణో తీసుకుని అందులో కలోనియల్ నెంబరు ఉందేమో చూడండి. ఉంటే జాబితాలోని ఊరు తెలుస్తుంది. ఆ ఊరు పాత విశాఖపట్నం జిల్లాదైతే, ఏ జమీందారీలో ఉండేదో చూసుకున్నాకే ఇక్కడ రికార్డుల కోసం దరఖాస్తు పెట్టడం మంచిది.