ఉత్తరం రాసి తెచ్చుకున్న ల్యాప్‌టాప్: ఏడాది వాడాక

మడికొండ ఐటీ పార్కులో మొబైల్ యాప్‌లు తయారుచేసే చిన్న బృందం మాది. ఈ 32 జీబీ ల్యాప్‌టాప్ నా చేతికొచ్చి ఏడాది దాటింది. దీన్ని అడుగుతూ మేనేజరుకు రాసిన ఉత్తరంలో ఏం చెప్పానో, అందులో ఎంత నిజమైందో చూద్దాం.

పాతదానిలో 8 జీబీ ర్యామ్. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో, తెరమీదే ఫోన్‌లా నడిచే ఎమ్యులేటర్, బ్రౌజరు కలిసి తెరిస్తే మౌస్ కూడా మొరాయించేది. అయితే ‘నెమ్మదిగా ఉంది’ అన్నంత మాత్రాన ఎవరూ డబ్బు మంజూరు చేయరు. రాసిన కోడ్‌ను యాప్‌గా మార్చే బిల్డ్ నడుస్తుండగా Task Managerలో Performance చూశాను. సీపీయూ సగం ఖాళీ. Memory మాత్రం నిండిపోయింది, Disk 100 శాతం దగ్గర ఉంది. ర్యామ్ చాలక విండోస్ సమాచారాన్ని డిస్కుకు తరలిస్తూ, మళ్లీ తెచ్చుకుంటూ ఉంటే ప్రాసెసరు పని లేక ఎదురుచూస్తోందన్నమాట.

ఉత్తరంలోని ముఖ్యభాగం ఇది:

“సర్, ఎమ్యులేటర్ తెరిచి ఉంటే బిల్డ్‌కు 11 నిమిషాలు పడుతోంది. మూసేస్తే అదే బిల్డ్ 4 నిమిషాల్లో అవుతోంది. కొరత ర్యామ్‌దే. ఈ మోడల్‌లో ర్యామ్‌ను బోర్డుకే అతికించారు, పెంచే వీలు లేదు. 32 జీబీ ఉన్నది ఇప్పించగలరు. విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు.”

చివరి వాక్యమే పని చేసిందనుకుంటాను. మేనేజరు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, “అందరూ గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటారు, నువ్వు కార్డే వద్దంటున్నావేమిటి? సరే, 16 సరిపోదా?” అన్నారు. Memory పేజీలో Committed దగ్గర కనిపించిన 19 జీబీ చూపించాను. ప్రోగ్రాములన్నీ కలిపి అడిగి ఉంచుకున్న జాగా అది. అంతా ఒకేసారి వాడుకోకపోయినా, 16తో మళ్లీ అంచుమీదే ఉంటామని చెప్పాను.

ఇప్పుడు ఎమ్యులేటర్ తెరిచే ఉన్నా బిల్డ్ 3 నిమిషాల్లోపే అవుతోంది. ఆ మాట నిలబడింది. కొత్త ప్రాజెక్టు తొలి బిల్డ్ మాత్రం ఇప్పటికీ నిదానమే. బిల్డ్ చేసే Gradle ముందు లైబ్రరీలను నెట్ నుంచి దించుకోవాలి కదా, దానికి ర్యామ్ ఏం చేస్తుంది?

ఎండాకాలం వేరే కథ. మే నెలలో హన్మకొండ ఇంట్లో, ఏసీ లేని గదిలో వరుసగా బిల్డ్‌లు నడిపితే ఫ్యాన్ హోరెత్తుతుంది. CPU పేజీలో Speed అంకె Base speed కంటే కిందికి జారుతుంది. వేడికి ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటోందని దాన్నిబట్టి తెలుస్తుంది. వెనుక భాగం కాస్త ఎత్తుగా పెడితే కొంత నయం. ఏసీ ఉన్న ఆఫీసులో ఈ బాధ లేదు. బ్యాటరీ ఎమ్యులేటర్‌తో రెండు గంటలకు మించి రాదు, ఛార్జరేమో ఇటుకంత బరువు.

నా ఉత్తరాన్ని నమూనాగా అడిగిన సహోద్యోగిని యంత్రంలో ర్యామ్ సగం ఖాళీగానే ఉంది. బిల్డ్ మొదలైనప్పుడల్లా విండోస్ యాంటీవైరస్ Antimalware Service Executable సీపీయూను తినేస్తోంది. ఆమె రాయాల్సింది మేనేజరుకు కాదు, ప్రాజెక్టు ఫోల్డరును స్కానింగ్ నుంచి మినహాయించమని ఐటీ విభాగానికి.