పాస్ ఇచ్చాక ఎక్కడికి పోయారు? నాలుగేళ్లుగా రాస్తున్న ఒక లక్ష్యం కథ

ఆమదాలవలస దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతికి బాస్కెట్‌బాల్లో పాసింగ్, కదలిక అనే యూనిట్ ఉంటుంది, పన్నెండు పీరియడ్లు. ఇదివరకు లెసన్ ప్లాన్‌లో అందరిలాగే "విద్యార్థులు పాసింగ్‌లో నైపుణ్యం పొందుతారు" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. నాలుగేళ్లుగా మాత్రం ప్రతి లక్ష్యాన్నీ మూడు ముక్కలుగా రాస్తున్నాను: పిల్లలు కంటికి కనపడేలా ఏం చేస్తారు, ఏ పరిస్థితిలో చేస్తారు, ఎంతవరకు చేస్తే చాలు. ఇన్నాళ్లు వాడాక దీని మంచీ చెడూ రెండూ తెలిశాయి.

మొదటి ఏడాది రాసిన వాక్యం ఇది: "నాలుగు మీటర్ల దూరంలో నిలబడ్డ జతగాడికి విద్యార్థి పది చెస్ట్ పాసుల్లో కనీసం ఎనిమిది ఛాతీ ఎత్తులో అందేలా వేస్తాడు." చూడ్డానికి భేషుగ్గా ఉంది. 36 మందిలో 31 మంది గట్టెక్కారు. మర్నాడు మ్యాచ్ పెడితే బెల్లం చుట్టూ ఈగల్లా అందరూ బంతి చుట్టూనే. పాస్ ఇచ్చినవాళ్లు ఇచ్చినచోటే నిలబడి చూస్తున్నారు. ఒకమ్మాయిని కదలమని కేకేస్తే, "పాస్ ఇచ్చీసినాను కదండీ మాస్టారూ, ఇంకేటి సెయ్యాలి?" అంది.

ఆ అమ్మాయి తప్పేం లేదు. నేను అడిగింది అదే, తను చేసింది అదే. లోపం ఎనిమిది అన్న అంకెలో లేదు, పరిస్థితిలో ఉంది. ఎదురుగా అడ్డుకునేవాళ్లు లేరు, జతగాడు కదలడు, పాస్ తర్వాత ఏం చేయాలన్న మాటే లేదు. కరణం మల్లీశ్వరి ఊరు ఊసవానిపేట మాకు దగ్గరే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆవిడ ఎత్తింది మొత్తం 240 కిలోలు. వెయిట్‌లిఫ్టింగ్‌లో కొలత బార్ మీదే ఉంటుంది. పాసింగ్‌లో కొలతను మనమే పుట్టించాలి, పుట్టించేటప్పుడు తేలిగ్గా లెక్కకు దొరికేదాన్నే పట్టుకుంటాం. నేను చేసిందీ అదే.

రెండో ఏడాది "పాస్ ఇచ్చిన రెండు సెకన్లలోపు ఖాళీ చోటుకు కదులుతాడు" అని రాశాను. ఇది ఇంకా పెద్ద బోల్తా. రెండు సెకన్లను ఎవరు కొలుస్తారు? స్టాప్‌వాచ్ నొక్కేలోపు బంతి ఇంకెక్కడో ఉంటుంది. పైగా ఖాళీ చోటు అంటే నాకొకటి, పిల్లలకొకటి. రెండు అడుగులు పక్కకు జరిగి "కదిలానండీ" అనేవారు. వాళ్ల కొలతలో అది కదలికే మరి.

మూడో ఏడాది సెకన్లు తీసేసి గీతలు గీశాను. సున్నంతో పది మీటర్ల చదరం, అందులో నాలుగు సమాన గడులు. బంతి ఉన్న జట్టులో ముగ్గురు, గడికి ఒక్కరే ఉండాలి, డ్రిబ్లింగ్ లేదు. నాలుగు గడుల్లో ముగ్గురుంటే ఎప్పుడూ ఒక గడి ఖాళీ. అప్పుడు లక్ష్యం ఇలా మారింది: "ఇద్దరు డిఫెండర్లు ఉండగా, డ్రిబ్లింగ్ లేకుండా ఆడుతూ, తాను పాస్ ఇచ్చాక బంతి అందుకున్నవారు మళ్లీ పాస్ వేసేలోపు ఖాళీ గడిలోకి రెండు కాళ్లూ పెడుతుంది, పది పాసుల్లో కనీసం ఏడుసార్లు." ఇక్కడ గడియారం పని తర్వాతి పాసే చేసేస్తుంది. వాచీ అక్కర్లేదు, వాదన అక్కర్లేదు.

ఏడు అన్న అంకె గాల్లోంచి తీసింది కాదు. యూనిట్ మొదటి రోజున ఏమీ చెప్పకుండానే ఈ ఆట ఆడించి లెక్కపెట్టాను. చాలామంది రెండు, మూడు దగ్గర ఆగారు, నలుగురైదుగురు మాత్రం ఐదు దాటారు. ఒకవేళ మొదటి రోజే ఏడు వస్తే ఆ లక్ష్యం నేర్పేదేం ఉండదు, పన్నెండు పీరియడ్లు దండగ. మొదటి లెక్క తీయకుండా అంకె రాయకూడదని నాకు ఆ ఏడాదే అర్థమైంది.

లెక్క ఎలా పెట్టాలన్నదే అసలు చిక్కు. 36 మందిని నేనొక్కణ్ణే చూడలేను. అందుకే నాలుగు చదరాలు గీస్తాను. ఒక్కోదాంట్లో ముగ్గురు ఆడతారు, ఇద్దరు అడ్డుకుంటారు, ముగ్గురు లెక్కపెడతారు, ఒకరు గీత దగ్గర కాళ్లు చూస్తారు. తొమ్మిది నాలుగ్గాలు ముప్ఫయ్యారు, ఎవరూ ఖాళీగా కూర్చోరు. లెక్కపెట్టేవాళ్లు తలా ఒక్కరినే కనిపెట్టి ఉంటారు. చేతిలో పది చింతపిక్కలు, ముందు రెండు కొబ్బరి చిప్పలు. తమ మనిషి పాస్ ఇచ్చిన ప్రతిసారీ ఒక పిక్క: సరిగ్గా కదిలితే కుడి చిప్పలో, లేకపోతే ఎడమ చిప్పలో. చేతిలో పిక్కలైపోతే పది అయినట్టు. ఇలా మూడు వంతులుగా ఆడిస్తే అందరి లెక్కా వస్తుంది, దానికి రెండు పీరియడ్లు పడుతుంది.

స్నేహితులు పెంచి వేస్తారేమో అని ఒక్కో వంతులో ఇద్దరిని నేను కూడా లెక్కపెడతాను. తేడా రెండు దాటితే మళ్లీ ఆడిస్తాను. ఒకసారి ఒకబ్బాయి తన స్నేహితుడికి తొమ్మిది వేశాడు, నాకు ఐదే వచ్చాయి. గట్టిగా అడిగితే తేలింది, వాడు మోసం చేయలేదు. తర్వాతి పాస్ పోయాక ఆలస్యంగా గడి మారినవాటికీ కుడి చిప్పలో పిక్క వేశాడు. "వేసేలోపు" అన్న మాట వాడి చెవికెక్కలేదు. అప్పటినుంచి లెక్క మొదలయ్యే ముందు సరైనవి రెండు, ఆలస్యమైనవి రెండు ఆడి చూపించి, "ఇది కుడా, ఎడమా?" అని అందరిచేతా చెప్పిస్తున్నాను. పిల్లలకు లక్ష్యం నిజంగా అర్థమయ్యేది ఆ ఐదు నిమిషాల్లోనే అని నా అనుమానం.

ఇక నాకు నచ్చనిది. బిడియస్తులకు బంతి రాదు. ఒకమ్మాయికి ఆట మొత్తంలో మూడే పాసులొచ్చాయి, మూడింటికీ కదిలింది. మూడుకు మూడు అంటే పాసైనట్టా, కానట్టా? దానికోసం లెక్కరోజున ఇంకో నియమం పెట్టాను: ఎవరిచ్చారో వాళ్లకే తిరిగి ఇవ్వకూడదు. ముగ్గురే కాబట్టి బంతి గుండ్రంగా తిరుగుతుంది, అందరికీ సమానంగా వస్తుంది. కానీ దీనికి ధర పెద్దది. పాస్ ఇచ్చి, రింగ్ వైపు దూసుకుపోయి, అదే బంతిని తిరిగి అందుకోవడం ఈ యూనిట్‌కే ప్రాణం, అదే ఈ నియమంలో చచ్చిపోతుంది. పైగా బంతి ఎవరికి పోతుందో డిఫెండర్లకు ముందే తెలిసిపోతుంది. డిఫెండర్లను ఇద్దరికి తగ్గించింది అందుకే. ఇది లెక్కరోజు నియమం మాత్రమే. మామూలు పీరియడ్లలో ముగ్గురి మీద ముగ్గురు, తిరిగివ్వడానికి అడ్డు లేదు.

బౌన్స్ పాస్‌కి లక్ష్యం రాయడం మానేశాను. ఇద్దరి మధ్య దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర బంతి నేలను తాకాలని గుర్తు పెట్టి కొలవచ్చు గానీ, మాది మట్టి గ్రౌండ్. వాన పడితే బంతి లేవదు. అప్పుడు కొలిచేది పిల్లల్ని కాదు, నేలని.

"పాస్ ఇచ్చీసినాను కదండీ" అన్న అమ్మాయి పదో తరగతి దాటి వెళ్లిపోయింది. వాళ్ల చెల్లి పోయినేడు తొమ్మిదిలో మొదటి రోజు మూడు, చివర్న ఎనిమిది తెచ్చుకుంది. గీతలు చెరిపేసి రింగ్ దగ్గర మ్యాచ్ పెడితే మొదటి పది నిమిషాలు బాగా కదిలింది. తర్వాత రింగ్ కింద ఎవరూ లేకపోయినా అటు దూసుకుపోకుండా, లేని గడిని వెతుక్కుంటూ మూలకు పరుగెత్తింది. ఆ పరుగు నేను నేర్పిందే. అందుకని ఈ ఏడాది ఎనిమిదో పీరియడ్ నుంచే గడులు తీసేసి, "రింగ్ వైపు కనీసం మూడు అడుగులు" అన్న షరతుతో రెండో లక్ష్యం రాస్తున్నాను. దానికి ఇంకా మొదటి లెక్క తీయలేదు, అంకె దగ్గర చోటు ఖాళీగా వదిలాను. చింతపిక్కలు కూడా మళ్లీ పోగెయ్యాలి, పోయినేటివి పిల్లలు వేయించుకుని తినేశారు.