పంపండి, పంపగలరా, పంపితే బాగుంటుంది: ఏది మేలు?

శుక్రవారం ఉదయం మీటింగ్ ఉంది. ఆలోపు ఖర్చుల షీటు తోటి ఉద్యోగి ఒకసారి సరిచూసి ఇవ్వాలి. ఆయన మన కింద పనిచేసే మనిషి కాదు, మన పైఅధికారీ కాదు. ఇలాంటప్పుడు మెసేజ్ సాధారణంగా రెండు రకాలుగా వస్తుంది.

"ఖర్చుల షీటు చెక్ చేసి గురువారం పంపండి."

"వీలైతే కొంచెం ఆ షీటు ఒకసారి చూసి, కుదిరినప్పుడు పంపితే బాగుంటుందనుకుంటున్నాను."

మొదటిదాంట్లో తికమక లేదు. "అండి" ఉంది కాబట్టి మర్యాదా ఉంది. కానీ కుదరదని చెప్పే సందు లేదు, కాబట్టి సమాన హోదా ఉన్న మనిషికి అది ఆర్డర్‌లా తగులుతుంది.

రెండోది చదవడానికి హాయిగానే ఉంటుంది, నష్టం మాత్రం ఎక్కువ. అందులో మెత్తబరిచే మాటలు ఐదున్నాయి, అన్నీ ఒకే పని చేయవు. "కొంచెం", "ఒకసారి" గొంతును మాత్రమే తగ్గిస్తాయి, అడిగిన పని అలాగే ఉంటుంది. "వీలైతే" వచ్చేసరికి పని ఐచ్ఛికమైపోయింది. "కుదిరినప్పుడు" గడువునే తుడిచేసింది. చివర్లో "బాగుంటుందనుకుంటున్నాను" అంటే అది అడగడం కాదు, నా అభిప్రాయం చెప్పడం. శుక్రవారం షీటు రాకపోతే ఆయన్ను ఏమీ అనలేం, కుదిరినప్పుడే పంపమన్నది మనమే కదా!

నేనైతే ఇలా రాస్తాను:

"ఖర్చుల షీటులో ప్రయాణ ఖర్చుల మొత్తం సరిపోయిందో లేదో చూసి, గురువారం సాయంత్రం 4 లోపు పంపగలరా? శుక్రవారం ఉదయం మీటింగ్‌లో చూపించాలి. కుదరకపోతే బుధవారమే చెప్పండి, నేను చూసుకుంటాను."

ఇక్కడ మెత్తదనమంతా క్రియలోనే ఉంది. ఏం చూడాలి, ఎప్పటికి కావాలి అన్న చోట ఒక్క మెత్తని మాట కూడా లేదు. కాదనే స్వేచ్ఛ ఆయనకుంది, కానీ దానికీ ఒక తేదీ ఉంది. "వీలైతే" చెప్పాల్సిన సంగతినే ఆ చివరి వాక్యం చెబుతోంది, గాల్లో వదిలేయకుండా.

"పంపగలరా", "పంపుతారా" రెండూ మర్యాదే. "పంపుతారా" ఇష్టాన్ని అడుగుతుంది, "పంపగలరా" వీలును అడుగుతుంది. వీలు లేదని చెప్పడం ఇష్టం లేదని చెప్పడం కన్నా తేలిక కాబట్టి, పరిచయం తక్కువున్న చోట "గలరా" మేలు. రోజూ మాట్లాడుకునేవాళ్లకు మాత్రం అది కాస్త నోటీసు భాషలా వినిపిస్తుంది, అక్కడ "పంపుతారా" చాలు. ప్రశ్న గుర్తు తీసేసి "పంపగలరు" అని రాస్తే అది నిజంగానే నోటీసు: పైకి వినయం, లోపల ఆజ్ఞ. "పంపాలి" అనేది ఒక మనిషి ఇంకో మనిషికి రాస్తే కటువుగా ఉంటుంది. అందరికీ ఒకే నియమం చెప్పేటప్పుడు, "దరఖాస్తులు 5వ తేదీలోపు చేరాలి" లాంటి చోట, అదే సరైనది. అక్కడ "చేరితే బాగుంటుంది" అని రాస్తే సగం మంది 8న పంపుతారు.

అత్యవసరమైతే మాత్రం పై చర్చంతా పక్కన పెట్టి "సర్వర్ ఇప్పుడే ఆపండి" అనేయాలి. "ఆపగలరా?" అంటే ఎదుటివాళ్లు ముందు ఆలోచిస్తారు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది "వచ్చు". ఒకసారి నేను ఒకరికి "మీరు సోమవారం నుంచి కొత్త ఫైలు వాడవచ్చు" అని రాశాను. ఫైలు సిద్ధంగా ఉంది, వాడుకోండి అని నా ఉద్దేశం. బహుశా సోమవారానికి సిద్ధమవుతుందేమో అని ఆయన అర్థం చేసుకుని, వారమంతా పాతదాంట్లోనే పని చేశారు. తప్పు ఆయనది కాదు. "వచ్చు"కు అనుమతి, ఊహ రెండూ అర్థాలే. వ్యతిరేకంలో ఈ చిక్కు చాలావరకు పోతుంది: "వాడకపోవచ్చు" ఊహ, "వాడకూడదు" నిషేధం, "వాడక్కర్లేదు" మినహాయింపు.

అందుకని ఇప్పుడు "వచ్చు" రాసిన ప్రతిచోటా దాని బదులు "అభ్యంతరం లేదు" అని ఒకసారి, "అవకాశం ఉంది" అని ఒకసారి పెట్టి చదువుతాను. రెండూ అతికితే ఆ వాక్యం మార్చేస్తాను. అనుమతి అయితే "సోమవారం నుంచి కొత్త ఫైలే వాడండి, సిద్ధంగా ఉంది." ఊహ అయితే "సోమవారానికి సిద్ధమయ్యే అవకాశం ఉంది, ఒక పరీక్ష మిగిలింది. ఆదివారం రాత్రి ఖాయంగా చెబుతాను."