సిక్స్ సిగ్మా బెల్టులు: ఏ రంగుకు ప్రాజెక్ట్ తప్పనిసరి?

మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగం నాది. తయారీలో లోపాలు తగ్గించే సిక్స్ సిగ్మా పద్ధతిలో స్థాయిని బట్టి ఇచ్చే సర్టిఫికెట్లనే బెల్టులంటారు. ఎల్లో, గ్రీన్, బ్లాక్ మూడు బెల్టులూ చేసి, ఏళ్ల తరబడి వాటితోనే పనిచేస్తున్నాను. కొత్తగా చేరేవాళ్లంతా నన్ను అడిగేది ఒక్కటే: ప్రాజెక్ట్ చేయకుండా బెల్ట్ వస్తుందా? వస్తుంది. కాకపోతే ఎవరి దగ్గర తీసుకుంటున్నారు, ఏ రంగు తీసుకుంటున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. బెల్టులన్నిటికీ కలిపి ఒకే ప్రభుత్వ సంస్థ ఏదీ లేదు. ఎవరి నిబంధన వాళ్లది.

ఎల్లో బెల్ట్‌కు ప్రాజెక్ట్ అక్కర్లేదు, అడగడం న్యాయం కూడా కాదు. ప్రాజెక్ట్ బృందంలో కూర్చున్నప్పుడు నలుగురూ మాట్లాడుకునేది అర్థమైతే ఆ స్థాయికి చాలు. గ్రీన్ దగ్గరికొచ్చేసరికి దారులు చీలతాయి. అమెరికా సంస్థ ఏఎస్‌క్యూ గ్రీన్ బెల్ట్‌కు మూడేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతుంది, పరీక్ష పెడుతుంది, ప్రాజెక్ట్ మాత్రం అడగదు. బెల్టులిచ్చే మరో సంస్థ ఐఏఎస్ఎస్‌సీ అయితే బ్లాక్ బెల్ట్‌కు కూడా ప్రాజెక్ట్ అడగదు, పరీక్ష పాసైతే చాలు. నేను గ్రీన్ చేసింది మా కంపెనీ సొంత కార్యక్రమంలో. అక్కడ ప్రాజెక్ట్ పూర్తయ్యేదాకా సర్టిఫికెట్ చేతికివ్వరు. ఆ నిబంధన సరైనదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ఆ ప్రాజెక్ట్ గురించే చెప్పాలి.

గుంటకో మాత్ర పెట్టి ఫాయిల్‌తో సీల్ చేసే బ్లిస్టర్ స్ట్రిప్పులు లీక్ టెస్ట్‌లో ఫెయిలవుతున్నాయి. స్ట్రిప్పుల్ని మిథిలీన్ బ్లూ ద్రావణంలో ముంచి, డెసికేటర్ అనే గాలి చొరబడని పాత్రలో వాక్యూమ్ పెట్టి, తీశాక తుడిచి, ఒక్కో గుంట విప్పి చూస్తాం. లోపల నీలం కనిపిస్తే లీకే. రెండో షిఫ్ట్‌లో లీకులు ఎక్కువ వస్తున్నాయని అందరూ ఆ షిఫ్ట్ ఆపరేటర్ల మీద పడ్డారు. మా గైడ్ మాత్రం ముందు కొలతను చూడమన్నారు. విప్పిన స్ట్రిప్పులనే ముగ్గురు ఇన్‌స్పెక్టర్లకు విడివిడిగా, వరస మార్చి రెండుసార్లు చూపించాం. అంచున సన్నటి నీలి గీత ఉంటే ఒకరు లీక్ అన్నారు, ఇంకొకరు విప్పేటప్పుడు అంటిన మరక అన్నారు. ఒకే మనిషి రెండోసారి మాట మార్చిన సందర్భాలూ ఉన్నాయి. మంచివి, చెడ్డవి ఫొటోలు తీసి గోడకు పెట్టి, తుడిచే పద్ధతి ఒకటి చేశాక మళ్లీ లెక్క చూస్తే షిఫ్టుల మధ్య తేడా చాలావరకు మాయమైంది. బెల్ట్ పరీక్షలో ఈ అంశం మీద ఒకటి రెండు ప్రశ్నలొస్తాయి. తీర్పులు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చెప్పే కప్పా విలువ ఎంత ఉండాలో గుర్తుపెట్టుకుని జవాబు రాసేయొచ్చు. కానీ తోటి ఉద్యోగుల తీర్పులే ఒకదానికొకటి పొసగడం లేదని వాళ్ల ముందే తేల్చడం, అదీ ఎవరూ నొచ్చుకోకుండా చేయడం, ప్రాజెక్ట్‌లోనే వస్తుంది.

మిగిలిన అసలు లీకులు ఎప్పుడూ స్ట్రిప్ ఒక చివరి వరసలోనే ఉండేవి. సీలింగ్ ప్లేట్ల మధ్య కార్బన్ కాగితం పెట్టి ముద్ర తీస్తే ఆ అంచున ముద్ర పలచగా పడింది. సైజు మార్చి ప్లేట్లు బిగించినప్పుడల్లా అవి సమాంతరంగా కూర్చోవడం లేదు. బిగించిన ప్రతిసారీ ముద్ర చూడాలని చెక్‌లిస్టులో ఒక లైన్ చేర్చడమే పరిష్కారం. ఆ ఒక్క లైన్‌కే, పద్ధతిలో ఏ మార్పు చేయాలన్నా నింపే చేంజ్ కంట్రోల్ ఫారం, క్వాలిటీ విభాగం ఆమోదం, ఆపరేటర్లకు శిక్షణ రికార్డులు కావలసొచ్చాయి. కారణం కనుక్కోవడానికి పట్టిన సమయం కంటే దీనికే ఎక్కువ పట్టింది. ఇక ఫైనాన్స్ వాళ్లు మేం చూపిన పొదుపులో ఫాయిల్, మాత్రల ఖర్చు ఒప్పుకుని, ఆదా అయిన మెషిన్ సమయాన్ని మాత్రం కొట్టేశారు. ఆ ఖాళీలో ఇంకేదైనా తయారుచేసి అమ్మితేనే అది డబ్బు అన్నారు. వాళ్లన్నది నిజం.

బ్లాక్ బెల్ట్ ఏఎస్‌క్యూలో చేశాను. అక్కడ ప్రాజెక్ట్ తప్పదు: సంతకం చేసిన అఫిడవిట్లతో రెండు ప్రాజెక్టులు, లేదంటే ఒక ప్రాజెక్ట్‌తో పాటు మూడేళ్ల అనుభవం. వ్యాపారానికి నిజంగా ఆర్థిక ప్రయోజనం కలిగించిన పని అయ్యుండాలి. శిక్షణ సంస్థ ఇచ్చే నమూనా డేటాతో క్లాసులో చేసిన అభ్యాసం లెక్కలోకి రాదు. అందుకే డబ్బు కట్టే ముందు ప్రాజెక్ట్ అంటే మీ డేటాతోనా, వాళ్ల డేటాతోనా అని అడగండి. పరీక్ష మాత్రమే ఉన్న బెల్ట్ దండగ అనను. రెజ్యుమె వడపోత దాటడానికి పనికొస్తుంది, గణాంకాలు గట్టిపడతాయి. అయితే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నే "మీ కొలత నమ్మదగినదని ఎలా తేల్చారు?" అని వస్తుంది. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడూ అదే అడుగుతాను.

ఇంకొక్క మాట. ప్రాజెక్ట్ ముగిసిన వెంటనే అఫిడవిట్ మీద పైఅధికారి సంతకం, ఫైనాన్స్ ఒప్పుకున్న అంకె తీసి పెట్టుకోండి. మీరు ఉద్యోగం మారినా, ఆయన మారినా ఆ సంతకం కోసం తిరగడం చాలా కష్టం.