అద్దం, నీటి ప్రతిబింబాల సాధనకు ట్రేసింగ్ పేపర్: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

బెంగళూరులోని మారతహళ్లి పీజీల్లో ఉంటూ ఎస్‌ఎస్‌సీ, రైల్వే పరీక్షలకు చదువుకునే మన తెలుగు పిల్లలకు కొన్నేళ్లుగా ఆదివారాలు రీజనింగ్ చెబుతున్నాను. ప్రతిబింబాల పాఠానికి చిన్న అద్దాన్నీ, ట్రేసింగ్ పేపర్‌నూ వాడి చూసిన మీదట, అద్దాన్ని పూర్తిగా పక్కన పెట్టేశాను. అద్దం జవాబును నేరుగా చూపించేస్తుంది కాబట్టి అభ్యర్థి కంటికి పని ఉండదు. ట్రేసింగ్ పేపర్‌నైతే తన చేత్తో తిప్పాలి కనుక ఏ దిశ మారుతోందో, ఏది మారడం లేదో అతనికే తెలుస్తుంది.

బొమ్మను పెన్సిలుతో ఎత్తి రాసుకొని, కాగితాన్ని పుస్తకంలో పుట తిప్పినట్లు పక్కకు తిప్పి వెనుక నుంచి చూస్తే అద్దం ప్రతిబింబం కనిపిస్తుంది. కింది అంచును కదలనీయకుండా పై అంచును తనవైపు తెచ్చి తిరగేస్తే నీటి ప్రతిబింబం వస్తుంది. చాలామంది నీటి ప్రతిబింబానికి కాగితాన్ని తిరగేయకుండా, బల్లమీదే అర చుట్టు తిప్పుతారు. దానివల్ల పైది కిందికి రావడంతో పాటు ఎడమది కూడా కుడికి పోతుంది.

ఈ పొరపాటు ఎలా దెబ్బతీస్తుందో `NB6` అనే వరుసలో చూద్దాం. నీటిలో అక్షరాల క్రమం మారదు. B పై సగం, కింది సగం ఒకేలా ఉంటాయి కాబట్టి అది అలాగే నిలుస్తుంది. N లోని ఏటవాలు గీత ఎడమ పైనుంచి కుడి కిందికి దిగేది కాస్తా, ఎడమ కిందినుంచి కుడి పైకి లేస్తుంది. అసలు చిక్కు 6 దగ్గర వస్తుంది. దాన్ని 9 అనుకొని గుర్తు పెట్టేవారే ఎక్కువ, కానీ 9 వచ్చేది అర చుట్టు తిప్పినప్పుడే. నీటిలో 6 గుండ్రటి భాగం పైకి వెళ్లినా, దాని కాడ మాత్రం ఎడమవైపే ఉండి, కొస కింద కుడికి వంగుతుంది. 9కి కాడ కుడివైపున ఉంటుంది. అందుకే ఎంపికలు చూసేటప్పుడు ముందుగా కాడ ఏ పక్కన ఉందో చూడమంటాను. అద్దంలోనైతే క్రమమే తలకిందులై 6 ముందుకు వస్తుంది, B పొట్టలు ఎడమకు తిరుగుతాయి.

N, S, Z అక్షరాలకు అద్దం, నీటి ప్రతిబింబాలు రెండూ ఒక్కటే కావడం వల్ల, వాటిని బట్టి ఆ రెండింటినీ వేరు చేయలేం. అయితే జవాబులో N మామూలుగానే కనిపిస్తే, అది అర చుట్టు తిప్పిన ఎంపిక అని వెంటనే కొట్టివేయవచ్చు.

ఈ పద్ధతికి పరిమితి లేకపోలేదు. చిన్న చుక్కలు, సన్నని గీతలు కిక్కిరిసిన బొమ్మను ఎత్తి రాయడానికే సమయమంతా పోతుంది. అటువంటిచోట ఒక మూలలోని ఒకే భాగాన్ని ఎత్తి రాసి సరిచూసుకోవడం మేలు. ప్రశ్నలో అద్దం అని రాసి, అద్దాన్ని సూచించే గీతను బొమ్మ కింద అడ్డంగా గీసినప్పుడు, కాగితాన్ని పక్కకు కాక నీటి ప్రతిబింబానికి తిరగేసినట్లే తిరగేయాలి.