ఆర్నెల్లు అమెరికా వెళ్తే చాట్లు ఎక్కడుంటే మేలు: వాట్సాప్‌లోనా, టెలిగ్రామ్‌లోనా?

మే నెలలో ఒకరోజు పొద్దున్నే వరంగల్ నుంచి చిన్నమ్మ ఫోన్. "అక్క గ్రూపులోంచి ఎందుకు వెళ్లిపోయింది రా? మేమేమైనా అన్నామా?" అని. మా ఫ్యామిలీ గ్రూపు తెరిచి చూస్తే నిజమే, పెద్దమ్మ పేరు పక్కన left అని ఉంది. డీపీ కూడా పోయింది. పెద్దమ్మేమో డాలస్‌లో కూతురింట్లో ఉంది, ఆమెకి ఈ సంగతే తెలియదు. ఎవరి మీదా కోపం లేదు, ఆమె ఏ బటనూ నొక్కలేదు. నాలుగు నెలలు వాడని ఖాతా దానంతటది తొలగిపోయింది, అంతే.

మన హైదరాబాద్‌లో ఇలా ఆర్నెల్లు పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే పెద్దవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు. ఇక్కడి ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టి వెళ్తారు. అలాంటప్పుడు పాత చాట్లు వాట్సాప్‌లో ఉంటే మేలా, టెలిగ్రామ్‌లో ఉంటే మేలా? మా ఇంట్లో ఒకేసారి రెండూ చూశాం. పెద్దమ్మది వాట్సాప్, పెద్దనాన్నకి టెలిగ్రామ్ అలవాటు.

ముందు పెద్దమ్మ సంగతి. జనవరి 10న శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కించాను. అంతకుముందే ఆమె వాట్సాప్‌ని ట్యాబ్‌కి లింక్ చేశాం. ట్యాబ్ వెంట తీసుకెళ్తే చాలు, ఫోన్ ఎందుకు అనుకుని దాన్ని స్విచాఫ్ చేసి నిజాంపేట ఇంట్లోనే ఉంచేశాం. పొరపాటు అక్కడే చేశాం. లింక్ చేసిన ట్యాబ్, కంప్యూటర్ లాంటివి అసలు ఫోన్ మీద ఆధారపడి బతుకుతాయి. ఆ ఫోన్‌లో 14 రోజులు వాట్సాప్ వాడకపోతే అవన్నీ లాగౌట్ అయిపోతాయి. జనవరి నెలాఖరుకి ట్యాబ్‌లో వాట్సాప్ ఆగిపోయింది. అక్కయ్య "పోనీలే అమ్మా" అని అమెరికా నంబరుతో కొత్త వాట్సాప్ తెరిచి ఇచ్చింది. పాత నంబరు సంగతి అందరూ మర్చిపోయారు.

నేను మాత్రం నిశ్చింతగా ఉన్నాను, ఎందుకంటే పెద్దమ్మ సిమ్‌కి రీచార్జ్ తప్పకుండా చేస్తున్నాను. సిమ్ బతికుంటే వాట్సాప్ కూడా బతికుంటుందని నా నమ్మకం. చాలామంది నమ్మకం కూడా ఇదే. కానీ ఆ రెండిటి గడువులూ వేరు. సిమ్ గడువు టెలికాం కంపెనీది. ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే ఆపేయొచ్చు, బ్యాలెన్స్ 20 రూపాయలు ఉంటే దాన్ని కోసుకుని ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. వాట్సాప్ గడువు వాట్సాప్‌ది. 120 రోజులు ఆ ఖాతా ఇంటర్నెట్ ద్వారా సర్వర్‌ని పలకరించకపోతే సాధారణంగా దాన్ని తొలగిస్తారు. రీచార్జ్ చేస్తున్నారా లేదా అన్నది వాళ్లకి కనపడదు. జనవరి 10 నుంచి లెక్కేస్తే 120వ రోజు మే 10. చిన్నమ్మ ఫోన్ వచ్చింది ఆ వారంలోనే.

మరి చాట్లు? పెద్దమ్మకి గ్రూపులు పోయినా బాధ లేదు. ఆమె బెంగంతా అమ్మమ్మ వాయిస్ మెసేజ్‌ల గురించి. అమ్మమ్మ పోయి మూడేళ్లయింది. టైప్ చేయడం రాక ఆవిడ ప్రతిదీ గొంతుతోనే పంపేది. "మాగాయ కలిపావా, ఉప్పు చూసుకో" లాంటివి, వందల కొద్దీ.

ఇక్కడ వాట్సాప్ పనితీరు మనకి కలిసొస్తుంది. చాట్లు ఉండేది మన ఫోన్‌లో, వాళ్ల సర్వర్‌లో కాదు. వాడకుండా వదిలేసినందుకు ఖాతా తొలగిపోయినా, ఫోన్‌లో ఉన్న చాట్లు ఆ యాప్‌ని తీసేసేదాకా అలాగే ఉంటాయి. అదే ఫోన్‌లో మళ్లీ అదే నంబరుతో రిజిస్టర్ అయితే తిరిగి కనిపిస్తాయి. (మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఖాతా డిలీట్ చేస్తే ఇది వర్తించదు. అప్పుడు చాట్ల చరిత్ర కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ రెండూ ఒకటి కావు.)

జూలైలో పెద్దమ్మ వచ్చాక ఫోన్ ఆన్ చేశాం. వాట్సాప్ తెరిస్తే నంబరు వెరిఫై చేయమంది. అప్పటికే మా వీధిలో మొబైల్ షాపు అబ్బాయి "అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకోండి ఆంటీ, అన్నీ సెట్ అవుతాయి" అని సలహా ఇచ్చి ఉన్నాడు. ఆ మాట విననందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. యాప్‌ని తీసేస్తే దాంతోపాటే దాని లోపలి చాట్లు పోయేవి, ఇక బ్యాకప్ మీదే ఆధారపడాలి. ఆ బ్యాకప్ కూడా ఫోన్ ఆపేసిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. మేం ఏమీ కదపకుండా నంబరు కొట్టాం. సిమ్ బతికే ఉంది కాబట్టి ఓటీపీ వచ్చింది. చాట్ల జాబితా జనవరి 9న ఎలా ఉందో అలాగే ప్రత్యక్షమైంది, అమ్మమ్మతో సహా. నేను చేసిన రీచార్జ్‌లు ఖాతాను కాపాడలేదు గానీ, తలుపు మళ్లీ తెరిచే తాళంచెవిని కాపాడాయి.

తిరిగి రానివి కూడా ఉన్నాయి. ఒకటి, గ్రూపులు. అడ్మిన్లు మళ్లీ ఒక్కొక్కదాంట్లో చేర్చాలి. రెండోది ఇంకా బాధాకరం. ఫోన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు పాత నంబరుకి వచ్చిన మెసేజ్‌లు. అందని మెసేజ్‌ని వాట్సాప్ తన సర్వర్‌లో 30 రోజులే ఉంచుతుంది, తర్వాత తీసేస్తుంది. అమెరికా నంబరు తెలియని కరీంనగర్ బంధువులు ఫిబ్రవరిలో పంపిన గృహప్రవేశం పిలుపు వాళ్ల ఫోన్‌లో ఇప్పటికీ ఒక్క టిక్కుతోనే ఉంది. పెద్దమ్మకి అది ఎప్పటికీ చేరదు.

సిమ్ కూడా పోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే భయమేస్తుంది. అందరూ రీచార్జ్ చేయించుకుని వెళ్లరు కదా. ఆపేసిన నంబరును కనీసం 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరని 2023లో సుప్రీంకోర్టుకి ట్రాయ్ చెప్పింది. అంటే ఆ తర్వాత ఇచ్చేయొచ్చు. అప్పుడు ఫోన్‌లో చాట్లు ఉండి కూడా ఓటీపీ వెళ్లేది వేరేవాళ్లకి. కొత్తగా ఆ నంబరు తీసుకున్నవాళ్లకి మన పాత చాట్లు కనపడవు, అవి మన ఫోన్‌లోనే ఉన్నాయి కాబట్టి. ఆ ధైర్యం ఒక్కటే మిగులుతుంది.

పెద్దనాన్న టెలిగ్రామ్ కథ దీనికి సరిగ్గా తలకిందులు. ఆయన రిటైర్డ్ ఉద్యోగుల గ్రూపు, పెన్షన్ జీవోల పీడీఎఫ్‌లు, తనకి తాను దాచుకున్న పద్యాలు, అన్నీ అందులోనే. ఫోన్ ఇక్కడే వదిలేసి వెళ్లినా, డాలస్‌లో ల్యాప్‌టాప్ తెరిస్తే అన్నీ ఉన్నాయి. మామూలు చాట్లు టెలిగ్రామ్ సర్వర్లలోనే ఉంటాయి, అందుకని ఫోన్‌తో పనిలేదు. ఎన్ని నెలల తర్వాత చూసినా మధ్యలో వచ్చిన మెసేజ్‌లు ఎదురుచూస్తూ ఉంటాయి, 30 రోజుల బెడద లేదు. సీక్రెట్ చాట్లు మాత్రం తెరిచిన ఫోన్‌లోనే ఉండిపోతాయి.

వాట్సాప్ కంటే ఇదే మేలనిపిస్తుంది కదూ? నాకూ అలాగే అనిపించింది, సెట్టింగ్స్ చూసేదాకా. Settings లో Privacy and Security కింద If away for అని ఒక వరుస ఉంటుంది. అంతకాలం మనం ఏ పరికరం నుంచీ ఆన్‌లైన్‌కి రాకపోతే ఖాతా తొలగిపోతుంది. దాంతోపాటు సర్వర్‌లో ఉన్న మెసేజ్‌లు, ఫొటోలు, ఫైళ్లు అన్నీ పోతాయి. మనం మార్చకపోతే ఇప్పుడది 18 నెలలు. పెద్దనాన్న ఎప్పుడో ఏదో భద్రత కోసమని 6 నెలలకి పెట్టుకున్నారు. అక్కడ ఆయన ల్యాప్‌టాప్ తెరుస్తూ ఉన్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే జూలైలో అదే నంబరుతో లాగిన్ అయినా వచ్చేది ఖాళీ ఖాతా. ఓటీపీ వచ్చినా లాభం లేదు, బీరువాలో ఫోన్ ఉన్నా లాభం లేదు. ఆయన రాసినవి స్నేహితుల చాట్లలో Deleted Account అనే పేరు కింద మిగిలేవి, ఆయన దగ్గర మాత్రం ఏదీ ఉండేది కాదు.

కాబట్టి నా తీర్పు ఇది. ఫోన్ పోతుందేమో, పాడవుతుందేమో అన్న భయం ఎక్కువైతే టెలిగ్రామ్ మేలు, గడువును 18 నెలలకి పెట్టుకుని అప్పుడప్పుడు తెరిచి చూస్తూ ఉంటేనే సుమా. ఖాతాని అసలు పట్టించుకోలేమేమో, నెలల తరబడి తెరవమేమో అనుకుంటే వాట్సాప్ మేలు. ఫోన్, సిమ్ రెండూ భద్రంగా ఉంటే ఖాతా చచ్చినా చాట్లు లేచి వస్తాయి. మన పెద్దవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రకమే. వాళ్ల కోసం మరో యాప్ నేర్పించే ప్రయాస పడక్కర్లేదు. ఫోన్‌ని బీరువాలో పెట్టకుండా వెంట తీసుకెళ్లి అక్కడి వైఫైకి కలపండి. ఇక్కడి సిమ్‌కి అక్కడ సిగ్నల్ లేకపోయినా వాట్సాప్ నడుస్తుంది, 120 రోజుల లెక్క మొదలే కాదు.

పోగొట్టుకోలేనివి ఉంటే మాత్రం రెండిటినీ నమ్మను. వాట్సాప్ చాట్ డేటాబేస్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది గానీ, ఆండ్రాయిడ్‌లో వాయిస్ మెసేజ్‌లు, ఫొటోలు మామూలు ఫైళ్లుగానే ఉంటాయి. ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి ఈ ఫోల్డర్ తెరిచాం:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Voice Notes
```

లోపల వారానికో ఫోల్డర్, అందులో PTT తో మొదలై తేదీ ఉండి .opus తో ముగిసే పేర్లు. ఎవరు పంపారో పేరులో ఉండదు, తేదీ ఒక్కటే. అందుకని పక్కన వాట్సాప్‌లో అమ్మమ్మ చాట్ తెరిచి, తేదీలు పోల్చుకుంటూ ఒక్కొక్కటే విని వేరుచేశాం. రెండు ఆదివారాలు పట్టింది. రాతలో ఉన్నవాటి కోసం ఆ చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేశాం. అది మామూలు టెక్స్ట్ ఫైలుగా వస్తుంది, చదువుకోవచ్చు గానీ తిరిగి వాట్సాప్‌లోకి ఎక్కించలేం. టెలిగ్రామ్‌కైతే కంప్యూటర్‌లో వాడే యాప్‌లో ఎక్స్‌పోర్ట్ ఉంది, పెద్దనాన్న పద్యాలు దాంతో దించాం.

ఇప్పుడు రెండు పెన్‌డ్రైవ్‌లు. ఒకటి నా దగ్గర, ఇంకోటి ఆ బీరువాలోనే, ఇదివరకు ఫోన్ పెట్టిన అరలో.